పదకొండో రోజు: బరోడాలో అంబేడ్కర్, ఒక ఉద్యోగం, ఒక మంచినీళ్ల కుండ



కొత్త ఉద్యోగంలో చేరిన ప్రతివాడూ మొదటి వారం ఒంటరివాడే. కుర్చీ ఎక్కడ వేసుకోవాలో తెలియదు, ఎవరిని ఏమని పిలవాలో తెలియదు, మధ్యాహ్నం క్యారియరు ఎవరి పక్కన విప్పాలో తెలియదు. నెల తిరిగేసరికి అదంతా సర్దుకుంటుంది. దీన్ని కొత్తదనం అంటాం. ఇంకోటి ఉంది. అది మొదటి రోజు ఉండకపోవచ్చు. మనం ఎవరమో తెలిసిన రోజు మొదలవుతుంది. తెలిసేకొద్దీ పెరుగుతుంది. దాన్ని వెలి అంటాం. ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, "కొత్తలో అందరికీ ఇలాగే ఉంటుంది లెండి" అనే ఓదార్పు మనకు జీవితాంతం దొరుకుతూనే ఉంటుంది.

ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో నాకు తెలిసినంతలో 1917లో బరోడాలో జరిగిన పదకొండు రోజుల కథ చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. బాబాసాహెబ్ జీవితంలో ఈ ఘట్టం మనలో చాలామందికి తెలుసు. "పార్సీ సత్రం నుంచి గెంటేశారు" అని ఒక్క ముక్కలో చెప్పుకుని ముందుకు పోతాం. ఆ ఒక్క ముక్కను ఇవాళ కాస్త విప్పి చూద్దాం.

ముందు ఆయన బరోడాకు ఎందుకు వెళ్లాడో చూద్దాం. 1913లో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చి అమెరికా పంపాడు. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలని ఒప్పందం. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1915లో ఎంఏ పూర్తిచేశాడు. 1916లో కులాల పుట్టుక మీద ఒక సెమినార్ వ్యాసం చదివాడు. అక్కడి నుంచి లండన్ వెళ్లి అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం రెండింట్లో చేరాడు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో లండన్ చదువు సగంలో ఆపి 1917 ఆగస్టులో బొంబాయిలో దిగాడు. ఆయన పుస్తకాలూ సామానూ వేరే ఓడలో వస్తున్నాయి. యుద్ధకాలం. ఆ ఓడను టార్పెడోతో ముంచేశారు. పోయిన సామానుకు నష్టపరిహారంగా వచ్చిన డబ్బే ఆయనకు బరోడా ప్రయాణపు ఖర్చయింది. మునిగిపోయిన పుస్తకాల డబ్బుతో ఉద్యోగానికి వెళ్లాడన్నమాట.

న్యూయార్కులోనూ ఆయన కొత్తవాడే. వేరే దేశం, వేరే భాష, వేరే తిండి. అక్కడ ఆయనతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు నవల్ భథేనా, ఒక పార్సీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది. బయట గడిపిన ఆ అయిదేళ్లలో తాను అంటరానివాడినన్న స్పృహే మనసులోంచి చెరిగిపోయిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు. బరోడా స్టేషనులో దిగగానే అది ఒక ప్రశ్నగా తిరిగొచ్చింది: ఎక్కడ ఉండాలి?

హిందూ హోటళ్లున్నాయి. అడిగితే చెప్పాలి, చెబితే పెట్టరు. అబద్ధం చెప్పి దిగవచ్చు, దొరికితే ఏమవుతుందో తెలుసు. అందుకని ఒక పార్సీ సత్రానికి వెళ్లాడు. పార్సీల మతంలో అంటరానితనం లేదు కదా అన్నది ఆయన లెక్క. సత్రం మేడ మీదికి వెళ్లగానే అక్కడి కాపలాదారు ఈయన పార్సీ కాదని గుర్తుపట్టాడు. పార్సీలు ఒంటిమీద ధరించే సద్రా, కుస్తీ రెండూ ఈయనకు లేవు. పార్సీలు కానివాళ్లకు ఇక్కడ చోటు లేదన్నాడు. కానీ సత్రం ఖాళీగా ఉంది, అతనికి రాబడి లేదు. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. రిజిస్టరులో పార్సీ పేరు రాసుకోవాలి, రోజుకు రూపాయిన్నర ఇవ్వాలి.

ఈ రూపాయిన్నర ఒప్పందాన్ని మనం శ్రద్ధగా చూడాలి. ఆ కాపలాదారు చెడ్డవాడు కాదు. ఉదారవాది కూడా కాదు. రూలు అతనికి తెలుసు, దాన్ని వంచడానికి ఒక ధర ఉందనీ తెలుసు. ఇప్పుడు అద్దె ఇళ్ల వేటలో మనలో ఎంతమంది చేస్తున్నది ఇదే కాదా? ఇంటిపేరు చివర్లో ఒక అక్షరం మింగేయడం, "మీరు వెజిటేరియన్లేనా?" అంటే అవునని తలూపడం, ఊరి పేరు బదులు పక్కనున్న పట్నం పేరు చెప్పడం. అలా దొరికిన చోటు దొరికినట్టే ఉంటుంది. కానీ అది మన పేరు మీద దొరికింది కాదు.

సత్రంలో ఆయన ఉన్న భాగం ఇలా ఉండేది. మేడ మీద ఒక చిన్న పడకగది, దాని పక్కన కుళాయి ఉన్న స్నానాల గది. మిగిలినదంతా పెద్ద హాలు. అందులో చెక్కలు, బెంచీలు, విరిగిన కుర్చీలు, పనికిరాని సామాను. కరెంటు లేదు. రాత్రిపూట కాపలాదారు ఒక చిన్న లాంతరు తెచ్చిపెడితే దాని వెలుగు కొన్ని అంగుళాలకు మించి పోయేది కాదు. గబ్బిలాలు వచ్చి తిరుగుతుండేవి. మాట్లాడటానికి మనిషి లేడు. పుస్తకాలే తోడు. మిగతా సామాను తీసుకుని బొంబాయి నుంచి వచ్చిన మేనల్లుడు మామ ఉన్న స్థితి చూసి ఎంత బిగ్గరగా ఏడ్చాడంటే, ఆయన అతన్ని వెంటనే వెనక్కి పంపేయాల్సి వచ్చింది.

తెలుగు చెప్పుకునేవాణ్ని కాబట్టి గబ్బిలం అనగానే నా మనసు 1941కి పోతుంది. జాషువా తన కావ్యంలో గబ్బిలాన్నే దూతగా ఎంచుకున్నాడు. కారణం తెలిసిందే. తాను అడుగుపెట్టలేని గర్భగుడిలోకి అది పోగలదు. ఈ రెండు గబ్బిలాలకూ సంబంధం లేదు, నేను కలపడమూ లేదు. కానీ మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉన్న దేశంలో అది ఒకరి కావ్యంలోకీ, ఇంకొకరి జ్ఞాపకాల్లోకీ రావడం నాకు వింతగా అనిపించదు.

ఇక ఆఫీసు. బరోడా అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ప్రొబేషనరు. ఉదయం పదింటికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి గానీ తిరిగి వచ్చేవాడు కాదు. ఆఫీసులో ఏం జరిగిందో ఆయన తన స్వీయ జ్ఞాపకాల్లో దాదాపు ఏమీ రాయలేదు. మనకు తెలిసింది ప్రధానంగా ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్ర వల్ల. ప్యూన్లు ఫైళ్లను చేతికి ఇవ్వకుండా బల్లమీదికి విసిరేవాళ్లు. ఆయన లేవబోతుంటే కింద పరిచిన చాపలు చుట్టేసేవాళ్లు. తాగడానికి నీళ్లు దొరికేవి కావు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలిగించేది ఫైలు విసరడం కాదు, విసిరింది ఎవరన్నది. హోదాలో ప్యూను ఆయనకంటే ఎంతో కింద. చదువులో పోలికే లేదు. అయినా ఆ గదిలో ఎవరు ఎవరికి పైనో హోదా పట్టిక తేల్చలేదు. ఆఫీసుకు రెండు పట్టికలున్నాయి. ఒకటి గోడకు వేలాడుతుంది, రెండోది అందరి తలల్లో ఉంటుంది. బయటివాడికి మాత్రమే రెండూ ఒకేసారి కనిపిస్తాయి. లోపలివాళ్లు గోడమీది పట్టికను చూపించి, రెండోది లేనేలేదని నిజాయితీగానే నమ్మగలరు.

ఇంకో సంగతి. సత్రంలో ఎల్లకాలం ఉండిపోదామని ఆయన అనుకోలేదు. సంస్థానపు బంగళా కేటాయించమని దరఖాస్తు పెట్టుకున్నాడు. అది అంత తొందరపడాల్సిన విషయంగా దివానుకు తోచలేదు. దరఖాస్తు ఒక అధికారి నుంచి ఇంకో అధికారికి తిరుగుతూ పోయింది. ఎవరూ "అంటరానివాడికి బంగళా ఇవ్వం" అని రాయలేదు. అలా రాసిన కాగితం ఒక్కటి ఉంటే పోట్లాడటానికి వీలుండేది. ఫైలు ఆలస్యం కావడమే ఆ జవాబు. మన రోస్టరు పాయింట్లు, ప్రమోషన్ల జాబితాలు, క్వార్టర్ల కేటాయింపులు చూసిన వాళ్లకు ఈ పద్ధతి కొత్తగా చెప్పక్కర్లేదు.

పదకొండో రోజు ఉదయం. టిఫిన్ తిని, బట్టలు వేసుకుని, లైబ్రరీకి తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాలు చేతిలోకి తీసుకుంటుండగా మెట్లమీద చాలా అడుగుల చప్పుడు వినపడింది. డజనుమంది పార్సీలు, చేతుల్లో కర్రలు. నువ్వెవరు, ఇక్కడికెందుకొచ్చావు, పార్సీ పేరు పెట్టుకోవడానికి ఎంత ధైర్యం, సత్రాన్ని మైలపరిచావు అంటూ ప్రశ్నల మీద ప్రశ్నలు. ఆయన నోరు మెదపలేదు. చివరికి ఒక వారం గడువు ఇమ్మని అడిగాడు. ఆలోగా బంగళా దరఖాస్తు తేలుతుందని ఆశ. సాయంత్రానికల్లా కనపడకూడదన్నారు.

గమనించండి. పది రోజులు ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. మనిషి అతనే, గది అదే, రోజుకు రూపాయిన్నరా అదే. పదకొండో రోజు మారింది ఒక్కటే: తెలిసింది. కొత్తదనమైతే పది రోజుల్లో తగ్గి ఉండాలి. ఇది పది రోజులు నిద్రపోయి పదకొండో రోజు లేచింది. అందుకే మొదట్లోనే అన్నాను, కొత్తదనం పరిచయంతో అరిగిపోతుంది, వెలి పరిచయంతో పదునెక్కుతుంది.

ఆ రోజు ఆయన తనకు తెలిసిన ఇద్దరిని ఆశ్రయించాడు. ఒకరు హిందువు. నువ్వు మా ఇంటికొస్తే నౌకర్లు వెళ్లిపోతారు అన్నాడు. ఇంకొకరు క్రైస్తవుడు. మా ఆవిడ రేపు వస్తుంది, అడిగి చెప్తానన్నాడు. భార్యాభర్తలిద్దరూ బ్రాహ్మణ కుటుంబం నుంచి మతం మారినవాళ్లనీ, భర్త మారినంతగా భార్య మారలేదనీ తర్వాత తెలిసింది. ఇద్దరూ "నాకు అభ్యంతరం" అనలేదు. ఒకరు నౌకర్లను అడ్డం పెట్టారు, ఒకరు భార్యను. అభ్యంతరం ఎప్పుడూ పక్కగదిలో ఉన్నవాళ్లదే. నాకేం పట్టింపు లేదండీ, మా అమ్మ పాతకాలం మనిషి అనే మాట మన ఇళ్ల ఓనర్ల నోట ఎన్నిసార్లు విన్నామో.

బొంబాయి రైలు రాత్రి తొమ్మిదింటికి. అప్పటిదాకా ఆయన ఊరి అంచున ఉన్న కామాఠీ బాగ్ తోటలో కూర్చున్నాడు. ఎనిమిదింటికి బండి కట్టించుకుని సత్రానికొచ్చి సామాను దించుకున్నాడు. కాపలాదారు బయటికొచ్చాడు. ఇద్దరి నోటా మాట రాలేదు. డబ్బు ఇస్తే మౌనంగా తీసుకున్నాడు, ఈయన మౌనంగా వెళ్లిపోయాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత రాస్తూ కూడా ఇది కన్నీళ్లు లేకుండా గుర్తుచేసుకోలేనన్నాడు. హిందువుకు అంటరానివాడు పార్సీకి కూడా అంటరానివాడేనని తనకు మొదటిసారి తెలిసింది ఇక్కడేనన్నాడు.

ఈ వాక్యాన్ని పార్సీల మీద ఫిర్యాదుగా చదివితే అసలు విషయం జారిపోతుంది. నవల్ భథేనా కూడా పార్సీయే. న్యూయార్కులో గది పంచుకున్నది అతనే. 1920లో ఆగిన చదువు పూర్తిచేయడానికి ఆయన మళ్లీ లండన్ వెళ్తుంటే అప్పు ఇచ్చినవాళ్లలోనూ అతనున్నాడు. మనిషి మతం మారలేదు, వాళ్లున్న చోటు మారింది. కులం హిందువుల నమ్మకంగా మొదలై ఈ నేల మీద కాపురం ఉన్న అందరి అలవాటుగా మారిందని బాబాసాహెబ్‌కు నేర్పిన మొదటి పాఠం ఇది. అప్పటిదాకా అమెరికాలో సెమినార్ వ్యాసంలో సిద్ధాంతంగా రాసింది ఇక్కడ సత్రం మెట్లమీద చప్పుడుగా వినపడింది.

మరి మహారాజు? సాయాజీరావు మామూలు రాజు కాదు. తన సంస్థానమంతా నిర్బంధ ఉచిత ప్రాథమిక విద్య పెట్టినవాడు. అంటరాని పిల్లలకు బడులు తెరిచినవాడు. అంబేడ్కర్ సంగతి ఆయన దాకా వెళ్లింది. దివాను మనుభాయ్ మెహతాకు అప్పగించాడు. దివాను తన వల్ల కాదన్నాడు. అంతే. న్యూయార్కు పంపగలిగిన రాజు తన రాజధానిలో ఒక గది ఇప్పించలేకపోయాడు. మంచి మనసున్న పెద్దమనిషి దయ ఎంత దూరం పోగలదో, ఎక్కడ ఆగిపోతుందో దీన్ని మించిన కొలత ఉండదు. ప్రవేశం ఇప్పించడం ఒక సంతకంతో అయ్యే పని. చోటు ఇవ్వాల్సింది మాత్రం లోపల ఉన్నవాళ్లు.

బొంబాయి తిరిగొచ్చాక అదే పాఠం ఇంకోసారి ఎదురైంది. షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే ఒక చిన్న సంస్థ పెట్టుకున్నాడు. నడిపేది ఎవరో తెలియగానే రావడం మానేశారు. ఇక్కడా పదకొండో రోజే. తర్వాత 1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా తాత్కాలిక ఉద్యోగం దొరికింది. జీతం నెలకు నాలుగువందల యాభై రూపాయలు. మొదట్లో విద్యార్థులు ఈయన్ని పట్టించుకోలేదు. అంటరానివాడు ఏం చెప్తాడులే అనుకున్నారు. కొన్నాళ్లకు ఆయన పాఠం వినడానికి వేరే కాలేజీల వాళ్లు కూడా అనుమతి తీసుకుని వచ్చి కూర్చునేవాళ్లు.

సినిమా అయితే ఇక్కడ ముగిసేది. ప్రతిభ గెలిచింది, అందరూ చప్పట్లు కొట్టారు అని. కానీ స్టాఫ్ రూమ్‌లో ఒక మంచినీళ్ల కుండ ఉంది. అధ్యాపకుల కోసం పెట్టింది. అందులోంచి ఈయన నీళ్లు తాగడానికి కొందరు గుజరాతీ ఆచార్యులు అభ్యంతరం చెప్పారని కీర్ రాశాడు. తరగతి గదిలో గెలిచిన మనిషికి పక్క గదిలో గ్లాసు నీళ్లు పుట్టలేదు. ఎందుకంటే ప్రతిభ పనిచేసే చోటు వేరు. విద్యార్థికి ఆయన పాఠం అవసరం. సహోద్యోగికి ఆయనతో అవసరమేముంది? పైగా పోటీ. సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న పిల్లవాడికి ప్యూను వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్లు, ప్యూను లేని రోజు దాహమే. ఆ పిల్లవాడే ఆచార్యుడై వచ్చినా కుళాయి స్థానంలో కుండ వచ్చిందంతే.

నేను డాక్టరేటు చేసి మొదట చేరిన కాలేజీలో కుండ సమస్య రాలేదు. వాటర్ ప్యూరిఫైయర్ అందరిదీ. అక్కడ పాఠాల పంపకం ఉండేది. ప్రబంధాలు ఒకరికి, వ్యాకరణం ఇంకొకరికి. నా పరిశోధన ప్రాచీన సాహిత్యం మీదే అయినా నాకు ఎంతో గౌరవంగా, "దళిత సాహిత్యం మీకంటే బాగా ఎవరు చెప్తారండీ?" అని ఆ ఒక్క పేపరు ఇచ్చారు. మూడేళ్లు అదే. మనుచరిత్ర మీద నేనొక మాట అంటే స్టాఫ్ రూమ్‌లో ఒక క్షణం నిశ్శబ్దం. నా సాహిత్యాన్ని నాకు ఇచ్చి అందరి సాహిత్యాన్నీ వాళ్ల దగ్గర పెట్టుకోవడం ఎంత మర్యాదగా చేయవచ్చో అప్పుడు అర్థమైంది. సిడెన్‌హామ్‌లో బాబాసాహెబ్ చెప్పింది అర్థశాస్త్రం, అంటే అందరిదీ అయిన శాస్త్రం. ఆ కుండ మీద అంత పట్టుదల ఎందుకో నాకు అక్కడ కూర్చున్నాకే తెలిసొచ్చింది. ఉమ్మడి కుండలోంచి తాగడమూ ఉమ్మడి సిలబస్ చెప్పడమూ ఒకటే హక్కు.

సిడెన్‌హామ్‌లో పాఠాలు చెబుతున్న రోజుల్లోనే, 1919 జనవరిలో, ఓటు హక్కు విషయం తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ ముందు ఆయన సాక్ష్యం ఇచ్చాడు. అందులో వాదన సారాంశం ఇది. వేర్వేరు సమూహాలు కలిసి బతికినప్పుడు, కలిసి పని చేసినప్పుడే ఒకరి మనసు ఒకరికి అర్థమవుతుంది. అంటరానివాళ్లకూ మిగతా హిందువులకూ మధ్య అలాంటి రాకపోకలే లేవు. కాబట్టి వాళ్ల తరఫున వీళ్లు మాట్లాడలేరు. అంటరానివాళ్లకు ఓటు కావాలి, తమ ప్రతినిధులను తామే ఎన్నుకునే వీలు కావాలి. ఈ ఆలోచనలో కొలంబియా గురువు జాన్ డ్యూయీ ప్రభావం ఉందని పండితులు చెప్తారు. నిజమే. కానీ రాకపోకలు లేకపోవడం అంటే ఏమిటో డ్యూయీ పుస్తకంలో కంటే బరోడా ఆఫీసులో చుట్టేసిన చాప బాగా చెప్పి ఉంటుంది. మహారాజు దయ దివాను బల్లమీద ఆగిపోవడం చూసినవాడు దయను అడగలేదు, సీటు అడిగాడు. ఆ కమిటీ ఎన్నిక ఒప్పుకోలేదు, నామినేషన్ దగ్గరే ఆగింది. అంటే మళ్లీ పెద్దమనిషి చేతిలోనే పెట్టింది. ఆ పోరాటం ఇంకా చాలా ఏళ్లు నడిచింది.

1920 జనవరిలో ‘మూక్‌నాయక్’ పత్రిక వచ్చింది. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు దగ్గరికి జనంతో కలిసి నడిచి దోసిలితో నీళ్లు తాగాడు. ఆ చెరువు అందరికీ తెరిచి ఉందని అప్పటికే పురపాలక సంఘం తీర్మానం ఉంది. కాగితం మీద ప్రవేశం ఉంది, ఒడ్డున చోటు లేదు. బరోడా నియామక పత్రానికీ ఆ తీర్మానానికీ తేడా ఏమీ లేదు. తేడా ఒక్కటే, బరోడా తోటలో ఆయన ఒక్కడే కూర్చున్నాడు. మహాడ్‌కు వేలమందితో వెళ్లాడు.

ఈ పదకొండు రోజుల్లోంచి నేను తీసుకున్నది ఇంతే. కొత్త చోట మనకు ఇబ్బందిగా ఉన్నప్పుడు అది కొత్తదనమా వెలా అని తేల్చుకోవడానికి ఒక గుర్తుంది. వాళ్లు మనల్ని తెలుసుకునేకొద్దీ దూరం తగ్గుతోందా, పెరుగుతోందా? తగ్గుతుంటే ఓపిక పట్టొచ్చు. పెరుగుతుంటే ఓపిక పట్టి లాభం లేదు, ఇంకాస్త బాగా పని చేసి చూపించినా లాభం లేదు. అప్పుడు అడగాల్సింది కాగితం మీద సమాధానం, వెతకాల్సింది పక్కన నిలబడే మనుషులు.

బరోడాతో కలిపి ఆయన రాసుకున్న అనుభవాలు ‘వీసా కోసం ఎదురుచూపు’ పేరుతో చిన్న పుస్తకంగా తెలుగులోనూ చదవొచ్చు. గంటన్నర పని. కొలంబియా విశ్వవిద్యాలయంలో దాన్ని పాఠంగా చెప్పారు. మన కాలేజీల్లో కొత్తగా చేరిన పిల్లల చేతికి మొదటి వారమే ఇవ్వదగ్గ పుస్తకం అదే. వచ్చే భాగంలో మహాడ్ చెరువు తీర్మానం ఎలా వచ్చింది, ఎందుకు అమలు కాలేదన్నది చూద్దాం.

జై భీమ్.